క్షమాయాచనలో వివరణకు చోటెంత?

నిత్యపూజ ముగిసే వేళ ప్రతి గృహస్థుడూ అర్చామూర్తి ముందు చేతులు జోడించి క్షమాప్రార్థన చేస్తాడు. మంత్రం లోపించింది, క్రియ లోపించింది, భక్తి లోపించింది అని మూడు లోపాలను పేర్కొని, జరిగిన పూజ పరిపూర్ణమగుగాక అని ప్రార్థించి తలవంచుతాడు. ఆ ప్రార్థనలో ఏది లోపించిందో ఉంది గాని, ఎందుకు లోపించిందో లేదు. వేళ మించిపోయిందనీ, పువ్వులు దొరకలేదనీ, మనస్సు వ్యాపారచింతలో చిక్కుకుందనీ భగవంతునికి ఎవరూ నివేదించరు. సర్వజ్ఞునికి వివరణ అనావశ్యకమన్నది దీనికి వెంటనే తోచే సమాధానం. అయితే సర్వజ్ఞునికి లోపాన్ని మాత్రం చెప్పడమెందుకు? అదీ ఆయనకు తెలిసినదే కదా. అంటే ఆ పలుకు వినేవాని జ్ఞానం కోసం కాదు, పలికేవాని అంగీకారం కోసం విధింపబడింది. అంగీకారానికి కారణాల జాబితాతో పని లేదు.

అదే గృహస్థుడు పూజాగృహం దాటి సాటి మనిషి ఎదుట నిలిచినప్పుడు క్షమాయాచన స్వరూపమే మారిపోతుంది. ఒక సామాన్యమైన ఉదాహరణను తీసుకుందాం. అన్నగారింట తండ్రి ఆబ్దికం. తప్పక వస్తానన్న తమ్ముడు రాలేదు. ఆబ్దికానికి అపరాహ్ణకాలం ముఖ్యం. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగవది అపరాహ్ణం. సూర్యోదయం 6 గంటలకు, అస్తమయం 6 గంటలకు అనుకుంటే అది సుమారు 1:12కు మొదలై 3:36కు ముగుస్తుంది. ఆ కొద్ది వ్యవధిలో భోక్తలు సిద్ధంగా ఉండి, పురోహితుడు తొందరపెడుతుండగా, అన్నగారు వీధిగుమ్మం వైపు చూస్తూ కర్మ ప్రారంభించకుండా కూర్చున్నాడు. మరునాడు తమ్ముని నుండి సందేశం వచ్చింది:

“అన్నయ్యా, నిన్న నాన్నగారి తద్దినానికి రాలేకపోయాను. ఆఫీసులో ఆడిట్ జరుగుతోంది, సెలవు ఇవ్వలేదు. ఎలాగైనా బయలుదేరదామంటే రిజర్వేషన్ దొరకలేదు. దానికి తోడు పిల్లవాడికి జ్వరం. ఫోన్ చేద్దామనుకుంటూనే ఉన్నాను, ఊపిరి సలపలేదు. నాన్నగారంటే నాకెంత భక్తో నీకు తెలియనిది కాదు. పొద్దున్నే స్నానం చేసి మనస్సులోనే నమస్కరించుకున్నాను. నా వల్ల నీ మనస్సు నొచ్చుకుని ఉంటే క్షమించు.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేకపోవచ్చు. ఆడిట్ నిజం, జ్వరం నిజం, పితృభక్తీ నిజమే. అయినా చదివిన అన్నగారికి అది కృత్రిమంగా తోస్తుంది. ఎందుకు తోస్తుందో అతడు చెప్పలేకపోవచ్చు గాని, పంక్తులను విడదీసి చూస్తే కారణం కనబడుతుంది. సందేశమంతా ‘ఎందుకు రాలేదు’ అన్న ప్రశ్నకు సమాధానం. అన్నగారి హృదయంలో ఉన్న ప్రశ్న అది కానే కాదు. ఉద్యోగస్థునికి ఆటంకాలు వస్తాయని అతనికీ తెలుసు. అతని బాధ ‘రానని ఎందుకు చెప్పలేదు’ అన్నది. ఆ ఒక్క ప్రశ్నకు దక్కిన సమాధానం ‘ఊపిరి సలపలేదు’ అన్న రెండు ముక్కలు మాత్రమే. సమర్థించుకోగల అంశానికి ఇన్ని వాక్యాలు, సమర్థించుకోలేని అంశానికి ఒక అర్ధవాక్యం. దీర్ఘవివరణ స్వభావం తరచుగా ఇదే. ఎదుటివారు మోపని అభియోగాన్ని తానే కల్పించుకొని దాన్ని ఖండిస్తూ, అసలు అపరాధాన్ని ఆ ఖండనచాటున దాచిపెడుతుంది. దాచాలన్న సంకల్పం తమ్మునికి లేకపోవచ్చు. మనస్సు తనకు సుకరమైన దారిలో మాటలను నడిపించింది, అంతే.

మరొకటి, ఆ మూడు కారణాలు పరస్పరం సహాయపడటం లేదు. సెలవే దొరకనివాడు రిజర్వేషన్ సంగతి ఎందుకు ఎత్తాలి? ఒక కారణం చెప్పినవాణ్ణి లోకం నమ్ముతుంది. మూడు చెప్పినవాడు మొదటిదాన్ని తానే చాలినంత నమ్మలేదని వినేవాడు గ్రహిస్తాడు. ఇక చివరనున్న ‘నొచ్చుకుని ఉంటే’ అన్న షరతు మరీ సూక్ష్మమైనది. అపరాధం తమ్ముని చేష్టలో నుండి జారి అన్నగారి మనస్సులోకి ప్రవేశించింది. నొచ్చుకోకపోతే తప్పే లేదన్నమాట! గుమ్మం వైపు చూస్తూ గడిపిన సమయం అన్నగారి సున్నితత్వంగా పరిణమించింది.

క్షమ అనే శబ్దం ఇక్కడ ఆలోచింపదగినది. సంస్కృతంలో ‘క్షమ్’ ధాతువుకు సహించడం, భరించడం అని అర్థం. భూమికి క్షమ అన్న పేరు అందుకే. క్షమించమని అడగడమంటే ‘నా అపరాధభారాన్ని నీవు మోయి’ అని అడగడం. భారం మోయమని అడిగేటప్పుడు దాన్ని వీలైనంత తేలికగా, చుట్టకట్టి ఇవ్వడం మర్యాద. దీర్ఘవివరణ దానికి విరుద్ధంగా మరికొంత భారాన్ని చేరుస్తుంది. వినేవాడు కారణాలన్నీ వినాలి, వాటి బలాబలాలు తూచాలి, ‘పాపం, నీవేం చేస్తావులే’ అని ఒప్పుకోవాలి. నొచ్చినవాడే నొప్పించినవానికి ఉపశమనం పలకవలసిన స్థితి వస్తుంది.

శంఖలిఖితుల ఉపాఖ్యానాన్ని ఈ దృష్టితో మళ్లీ చదువుకోవచ్చు. మహాభారతం శాంతిపర్వంలో యుద్ధానంతరం శోకమగ్నుడైన యుధిష్ఠిరునికి వ్యాసుడు దీన్ని చెబుతాడు. బాహుదానదీతీరాన శంఖుడు, లిఖితుడు అనే సోదరులు వేరువేరు ఆశ్రమాలలో తపస్సు చేసుకుంటున్నారు. ఒకనాడు లిఖితుడు అన్నగారి ఆశ్రమానికి వచ్చాడు. శంఖుడు లేడు. చెట్లకు బాగా పండిన ఫలాలున్నాయి. కోసుకొని నిశ్చింతగా తింటూ కూర్చున్నాడు. ఇంతలో శంఖుడు వచ్చి ఈ పండ్లు ఎక్కడివని అడిగాడు. లిఖితుడు నమస్కరించి, చిరునవ్వుతో, ఇక్కడివేనన్నాడు.

ఆ చిరునవ్వును వ్యాసుడు ఊరక చెప్పలేదు. లిఖితుడు చాటుగా తినలేదు, అడిగితే బొంకలేదు. తాను చేసినది తప్పని అతనికి తోచనే లేదు. శంఖుడు మాత్రం, ఇవ్వనిదాన్ని తీసుకోవడం చౌర్యమనీ, రాజు వద్దకు వెళ్లి చేసినది చెప్పి, చోరునికి తగిన దండన కోరమనీ ఆజ్ఞాపించాడు.

ఇక్కడ లిఖితుని నోట రాగల వివరణలు ఎన్ని ఉన్నాయో లెక్కించండి. సొంత అన్న ఆశ్రమం. అన్న లేని సమయం కనుక అడగడానికి వీలు లేదు. ఉంటే తప్పక ఇచ్చేవాడే. పండ్లు పక్వమై రాలిపోయే దశలో ఉన్నాయి. దురుద్దేశం లేదు, దాపరికం అసలే లేదు. వీటిలో ప్రతి ఒక్కటీ ధర్మసభలో నిలబడగల వాదమే. లిఖితుడు ఒక్కటీ పలకలేదు. సుద్యుమ్నమహారాజు వద్దకు నడిచివెళ్లాడు. మహర్షి వచ్చాడని విని రాజు మంత్రులతో కాలినడకన ఎదురువచ్చి, ఏ పని మీద వచ్చారో సెలవియ్యండి, అది జరిగినట్టే అన్నాడు. చేస్తానన్న ఆ మాటను ముందు పట్టుకొని, తరువాత లిఖితుడు చెప్పినది ఇంతే: గురుతుల్యుడైన అన్న ఇవ్వని ఫలాలు తిన్నాను, ఆలస్యం చేయక నన్ను దండించు.

చేసిన పని, దాని ఫలితాన్ని స్వీకరించే సంసిద్ధత, ఈ రెండే ఆ మాటలో ఉన్నాయి. గమనింపదగిన విశేషం మరొకటి ఉంది. రాజే అతనికి ఒక దారి చూపాడు. దండించే అధికారం రాజుకు ఉన్నదని ఒప్పుకుంటే విడిచిపెట్టే అధికారమూ ఉన్నదే కదా, మీరు పవిత్రులు, మరేదైనా వరం కోరుకోండి అన్నాడు. ఎంతో అనుకూలంగా ఎదురైన ఆ అవకాశాన్ని కూడా లిఖితుడు తీసుకోలేదు. దండన తప్ప వేరొకటి కోరలేదు. రాజు అతని చేతులు ఖండింపజేశాడు. అతడు తిరిగివచ్చి క్షమించమని అర్థించగా శంఖుడు, నీపై నాకు కోపం లేదు, ధర్మం అతిక్రమింపబడింది, అందుకే ఈ నిష్కృతి అని చెప్పి, బాహుదానదిలో దేవర్షిపితృతర్పణం చేయమన్నాడు. తర్పణం చేస్తుండగా చేతులు మొలిచాయి. చిత్తూరు జిల్లాలో కాణిపాకం పక్కన పారే ఏటికి బాహుదానది అన్న పేరు ఈ కథవల్లనే వచ్చిందని అక్కడి స్థలపురాణం. అక్కడ ఆ పండు మామిడిపండు.

పండ్లకు చేతులు నరకడమేమిటని ఆధునికుని మనస్సు ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడటం సహజమే. దండప్రమాణాన్ని అనుకరించమని ఎవరూ చెప్పడం లేదు. ఆ కథ నుండి తీసుకోవలసినది పలుకుబడి. అది లిఖితుని స్వకీయమైన గొప్పతనం మాత్రమే కాదు, శాస్త్రసంప్రదాయం కూడా. మనుస్మృతి పదకొండవ అధ్యాయంలో పాపవిముక్తికి చెప్పిన సాధనాలలో మొదటివి ఖ్యాపనం, అనుతాపం. ఖ్యాపనమంటే చేసినదాన్ని చేసినట్టు ప్రకటించడం. తాను చేసిన అధర్మాన్ని మనిషి ఏ మేరకు తానే చెబుతాడో ఆ మేరకు పాము కుబుసాన్ని విడిచినట్లు దాని నుండి విడివడతాడని అక్కడి ఉపమానం. ఆ వెంటనే, మరల ఇట్లు చేయను అన్న నివృత్తి శుద్ధిని కలిగిస్తుందని ఉంది. ఖ్యాపనం, అనుతాపం, నివృత్తి. క్షమాయాచనకు కావలసిన వస్తువంతా ఇందులో ఉంది. కారణకథనానికి ఈ వరుసలో స్థానం లేదు.

అలాగని శాస్త్రం సంకల్పాన్ని విస్మరించిందా? లేదు. తెలిసి చేసినదానికీ తెలియక చేసినదానికీ ప్రాయశ్చిత్తభేదాన్ని అదే అధ్యాయం పాటించింది. అయితే ఆ భేదాన్ని నిర్ణయించేది అపరాధి కాదు, పరిషత్తు. పరాశరస్మృతి చెప్పే పద్ధతి చూడదగినది. దోషి కట్టుబట్టలతోనే స్నానం చేసి, తడిబట్టలతో, వాక్కును నియమించుకొని పరిషత్తును చేరి, సాష్టాంగపడి, ఏమీ పలకకుండా ఉండాలి. పెద్దలు అడిగిన మీదట చెప్పాలి. వివరణ నిషిద్ధం కాదు, అడిగినవారికి ఇవ్వవలసినది. తన అపరాధం ఎంత చిన్నదో తానే తూచి చెప్పేవాడు ఏకకాలంలో దోషిగానూ న్యాయమూర్తిగానూ కూర్చుంటున్నాడు.

వేదాంతం కొంత విన్నవాడు ఇక్కడ ఒక ఆక్షేపం తెస్తాడు. ఏ కర్మకైనా అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం అని అయిదు కారణాలు గీత పద్దెనిమిదవ అధ్యాయంలో చెప్పబడ్డాయి కదా, తానొక్కడే కర్తనని భావించేవాడు యథార్థం చూడనివాడని కూడా అక్కడే ఉంది కదా, అట్లయితే పరిస్థితులను పేర్కొనడం సత్యకథనమే కాదా అని. వినసొంపైన వాదం. దీన్ని పరీక్షించడానికి సులభమైన మార్గముంది. తమ్ముడు సకాలంలో వచ్చి, కర్మ చక్కగా జరిగి, బంధువులు అతణ్ణి ప్రశంసించి ఉంటే, ఆ ప్రశంసను రైలుకూ, సెలవిచ్చిన అధికారికీ, దైవానికీ పంచి ఇచ్చేవాడా? మెప్పు వచ్చినప్పుడు కర్తృత్వం, నింద వచ్చినప్పుడు పంచకారణవాదం! అహంకారం అకర్తృత్వవేషం ధరించడమే ఇది. ఆ శ్లోకాలు ‘నేను చేశాను’ అన్న గర్వాన్ని కరిగించడానికి వచ్చినవి. వ్యవహారంలో మాట ఇచ్చినవాడు ‘నేను’ అన్నప్పుడు, మాట తప్పినవాడూ ఆ ‘నేనే’ కావాలి.

భారతంలోనే దీనికి పెద్ద నిదర్శనం ధృతరాష్ట్రుడు. అతడు పశ్చాత్తాపం పలుకని పర్వం అరుదు. విదురునితో పలికాడు, సంజయునితో పలికాడు. ప్రతిసారీ ఆ పశ్చాత్తాపం ఎంతో కొంత దూరం నడిచి దైవబలం వైపో, కుమారుని మొండితనం వైపో మళ్లుతుంది. నీళ్లు పోయిన తరువాత కట్టే ఆనకట్ట వంటిది నీ విలాపం అని సంజయుడు ద్రోణపర్వంలో నిష్ఠురంగానే అన్నాడు. జూదాన్ని అనుమతించినది తానేనని అక్కడికక్కడ నిలబెట్టి చెప్పిన ఒక పొడి వాక్యం ఆ విలాపాలన్నిటికంటె ఎక్కువ బరువు తూగేది.

వివరణ అవసరమైన ఘట్టం లేకపోలేదు. అయోధ్యాకాండలో దశరథుడు కౌసల్యకు చెప్పుకున్న పూర్వవృత్తాంతం అటువంటిది. సరయూతీరాన చీకటిలో కుండ నిండే చప్పుడును ఏనుగు శబ్దమని భ్రమించి శబ్దవేధి బాణం వేశాడు. మునికుమారుడు కూలిపోయాడు. ఆ కుండతో నీళ్లు తీసుకొని అంధులైన తల్లిదండ్రుల వద్దకు వెళ్లాడు. అడుగుల చప్పుడు విని వారు కొడుకే వచ్చాడనుకున్నారు. దశరథుని మొదటి మాట, నేను మీ కుమారుణ్ణి కాను, దశరథుడనే క్షత్రియుణ్ణి అని. ఆ తరువాత జరిగినదంతా వరుసగా చెప్పాడు. ఇక్కడ వివరణ దీర్ఘమే. కాని అది ఎవరికోసం? కన్నులు లేని ఆ వృద్ధులకు కొడుకు ఎట్లా మరణించాడో తెలియజేయగలవాడు ప్రపంచంలో మరొకడు లేడు. ఆ వృత్తాంతం వారి హక్కు. అందులో తన వేటబుద్ధి ఉంది, తన భ్రమ ఉంది, తన చేతి బాణం ఉంది. తెలియక చేశానన్న మాట ఉన్నా, ఆ మాట వెనుక అతడు నిలబడిపోలేదు. ఇక చేయవలసినదేమిటో చెప్పమని అడిగాడు. ఆ తండ్రి, నీవే వచ్చి చెప్పకపోయి ఉంటే నీ తల వేయి వ్రక్కలయ్యేదన్నాడు. తెలియక చేశావు కనుకనే బ్రతికి ఉన్నావనీ అన్నాడు. సంకల్పాన్ని తూచినది బాధితుడే. పుత్రశోకశాపం మాత్రం తప్పలేదు.

కనుక ఒక వాక్యం ఉండాలో పోవాలో తెలుసుకోవడానికి దాన్ని తీసివేసి చూడవచ్చు. తీసివేస్తే బాధితునికి తెలియవలసినదేదైనా తగ్గుతుందా, లేక చెప్పేవాని సౌఖ్యం మాత్రమే తగ్గుతుందా? తమ్ముని సందేశంలో ఆడిట్, రిజర్వేషన్, జ్వరం, భక్తి, మానసికనమస్కారం తీసివేస్తే అన్నగారికి ఏ లోటూ లేదు. మిగిలేది ఇలా ఉంటుంది:

“అన్నయ్యా, నాన్నగారి తద్దినానికి వస్తానని చెప్పి రాలేదు. రాలేనని ముందురోజు సాయంత్రమే తెలిసింది. అయినా నీకు చెప్పలేదు. నా కోసం చూస్తూ నువ్వు కర్మ ఆలస్యంగా మొదలుపెట్టవలసి వచ్చింది. తప్పు నాదే, క్షమించు. ఇకమీదట రాలేనని తెలిసిన గంటలోపే ఫోన్ చేస్తాను.”

‘ముందురోజు సాయంత్రమే తెలిసింది’ అన్న వాక్యం మొదటి సందేశంలో లేదని పాఠకులు గమనించే ఉంటారు. అంతటి దీర్ఘవివరణలో లేనిది ఈ చిన్న సందేశంలో ఎలా చేరింది? కారణాలు తొలగిన చోట అపరాధానికి జాగా దొరికింది. వ్రాయడానికి చేయి వెనుకాడే వాక్యం ఇదొక్కటే. వ్రాసేవాని చేయి ఎక్కడ ఆగుతుందో ఖ్యాపనం అక్కడ ఉంటుంది. నివృత్తివాక్యం చిన్నదిగా ఉండటం కూడా అకారణం కాదు. ఇకపై ఏ తద్దినానికీ తప్పనని ప్రతిజ్ఞ చేస్తే, ఉద్యోగస్థుడు దాన్ని నిలుపుకోలేడు. ఫోన్ చేయడం అతని అధీనంలో ఉంది.

క్లుప్తత పేరిట మరొక దోషం ప్రవేశించే ప్రమాదముంది. స్తోత్రసాహిత్యానికి అలవాటుపడిన భక్తులలో ఇది విశేషంగా కనిపిస్తుంది. ‘నేను పాపిని, నీచుణ్ణి, తమ్ముడనిపించుకోవడానికి తగను’ అని ఆత్మనింద మొదలుపెడతారు. భగవత్సన్నిధిలో ఆ దైన్యం శోభిస్తుంది. అన్నగారి ముందు అది దీర్ఘవివరణకు కవలసోదరి. ఇందులోనూ విషయం తద్దినం నుండి జరిగి తమ్ముని చుట్టూ తిరగసాగింది. ‘అంత మాట ఎందుకురా’ అని ఓదార్చే పని మళ్లీ అన్నగారిదే అయింది. ‘ఫోన్ చేయలేదు’ అన్న వాక్యంకంటె ‘నేను పాపిని’ అన్న వాక్యం పలకడం చాలా తేలిక. మొదటిదానికి సాక్ష్యం ఉంది, రెండవదాన్ని ఎవరూ నమ్మరు.

సంక్షిప్తసందేశం అందిన వెంటనే అన్నగారు కరిగిపోతాడన్న హామీ ఏదీ లేదు. జవాబే రాకపోవచ్చు. ఆ మౌనాన్ని భరించలేక రెండవ సందేశంలో ఆడిట్ సంగతినీ, మూడవ సందేశంలో జ్వరం సంగతినీ పంపితే మొదటిది వ్యర్థమవుతుంది. తడిబట్టలతో పరిషత్తు ముందున్నవాడు పెద్దలు పలికే వరకు ఊరకుంటాడు. కొన్నాళ్లకు అన్నగారే ఫోన్ చేసి ‘అసలు ఏమైందిరా ఆ రోజు?’ అని అడిగితే, అప్పుడు జ్వరం సంగతి చెప్పవచ్చు. అడిగినవాడు కనుక అతడు వింటాడు, పిల్లవాడికి ఇప్పుడెలా ఉందని కూడా అడుగుతాడు.